బతికున్న కణంలో విభజన చూడాలంటే

కాలేజీ ల్యాబ్‌లో ఉల్లి వేరు కొసతో స్లైడు చేసినవాళ్లకు ఆ పద్ధతి గుర్తుండే ఉంటుంది. వేరు కొసను ఆల్కహాలు, అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఉంచి, అసిటోకార్మిన్ పట్టించి, కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కితే క్రోమోజోములు ఎర్రగా తేలతాయి. కానీ ఆ ద్రవంలో వేసినప్పుడే కణాలన్నీ చచ్చిపోయాయి. ఏది ఏ దశలో ఉందో అక్కడే ఆగిపోయింది. వేర్వేరు కణాలను చూసి ఇది ముందు, అది తర్వాత అని మనమే వరస కట్టుకుంటాం.

రంగు లేకపోతే కణం దాదాపు కనిపించదు. అందులో ఎక్కువ భాగం నీరే. వెలుగును పెద్దగా పీల్చుకోదు కాబట్టి కంటికి తేడా తెలియదు. అయినా క్రోమోజోముల గుండా వెళ్లిన కాంతి, చుట్టూ ఉన్న ద్రవం గుండా వెళ్లిన కాంతి కంటే కాస్త వెనకబడుతుంది. కాంతి తరంగాల్లోని ఈ ఆలస్యాన్ని మన కన్ను పట్టుకోలేదు.

దాన్ని వెలుగునీడలుగా మార్చినవాడు నెదర్లాండ్స్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రిట్స్ జెర్నికె. పలచటి కణాన్ని తాకి చెదిరిన కాంతి, నేరుగా వచ్చే కాంతి కంటే సుమారు పావు తరంగం వెనకబడి ఉంటుంది. కండెన్సర్‌లో ఉంగరంలాంటి సందు పెట్టి, నేరుగా వచ్చే కాంతి ఆ ఆకారంలోనే ఆబ్జెక్టివ్‌కు చేరేలా చేశాడు. అక్కడున్న మరో వలయం దాన్ని కొంత మందగింపజేసి, ఇంకో పావు తరంగం ముందుకు జరుపుతుంది. ఇప్పుడు తేడా అర తరంగం. రెండూ ఒకదాన్నొకటి తగ్గించుకుని, కణభాగాలు నల్లగా కనిపిస్తాయి. 1930ల నాటి ఈ ఫేజ్ కాంట్రాస్ట్‌కు 1953లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందే, 1943లో, జర్మనీలో కుర్ట్ మిషెల్ మిడత వీర్యకణాలకు మూలమైన కణాల విభజనను దీనితో సినిమా తీశాడు. మనసులో కట్టుకున్న వరసను కళ్లారా చూడగలిగారు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

రెండు వలయాలు సరిగ్గా ఒకదానిపై ఒకటి పడకపోతే బొమ్మ వెలిసిపోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా కణం అంచున ఒక తెల్లని వెలుగు మిగులుతుంది. అది కణంలో భాగం కాదు. పైగా నమూనా పలచగా ఉండాలి. నొక్కని ఉల్లి వేరులో పొరలన్నీ కలిసిపోయి గజిబిజిగా కనిపిస్తాయి.

మందమైన నమూనాకు కాన్‌ఫోకల్ కావాలి. లేజర్ ఒక్కో బిందువును వెలిగిస్తుంది. సన్నని రంధ్రం ఆ లోతు నుంచి వచ్చిన వెలుగునే పోనిస్తుంది, కోయకుండానే పొరపొరగా చూపిస్తుంది. ఆకులోని పత్రహరితం తనంతట తానే ఎర్రగా మెరుస్తుంది కాబట్టి రంగు అక్కర్లేదు. క్రోమోజోములకు ఆ గుణం లేదు. వాటికి బతికున్న కణం తట్టుకునే మెరిసే రంగో, కణమే తయారుచేసుకునే మెరిసే ప్రొటీనో కావాలి. లేజర్ ఎక్కువైతే మెరుపు మాసిపోతుంది, విభజన మధ్యలో ఆగుతుంది, కణం పొర బుడగల్లా ఉబ్బుతుంది. అందుకే లేజర్ పడని కణాలు కొన్నిటిని పక్కన ఉంచి, అవి ఎంతసేపట్లో విభజన ముగిస్తున్నాయో పోల్చి చూస్తారు.