వర్గ వ్యుత్క్రమాల మొత్తానికి ఎగువ హద్దు

సహజ సంఖ్యల వర్గాల వ్యుత్క్రమాలతో ఏర్పడే 1 + 1/4 + 1/9 + 1/16 + ... అను అనంత శ్రేణిలో ఎన్ని పదాలు కూడినను మొత్తం 2 ను చేరదు. దీనిని వరుస వ్యుత్క్రమాల భేదాలతో పోల్చి నిరూపించవచ్చును.

నిరూపణ

k విలువ 2 గాని, అంతకంటె ఎక్కువ గాని అయినపుడు k² కంటె k(k−1) చిన్నది. కావున దాని వ్యుత్క్రమం పెద్దది.

1/k² < 1/(k(k−1)) = 1/(k−1) − 1/k

k = 2 నుండి n వరకు ఈ భేదాలను కూడినపుడు

(1 − 1/2) + (1/2 − 1/3) + ... + (1/(n−1) − 1/n)

నడుమ పదాలన్నీ ఒకదానితో ఒకటి రద్దయి 1 − 1/n మాత్రమే మిగులును. మొదటి పదమైన 1 ని కలుపగా, n పదాల మొత్తం 2 − 1/n కు మించదు. k = 1 అయినచో k(k−1) సున్న అగును. అందుచేత మొదటి పదాన్ని విడిగా ఉంచవలెను. దీనిని మరచుట తరచు జరిగే పొరపాటు.

హద్దును బిగించుట

పోలికను ఆలస్యంగా మొదలుపెట్టిన కొలది హద్దు బిగియును. మొదటి 10 పదాలను నేరుగా కూడిన 1.54977 వచ్చును. 11వ పదం నుండి పై పద్ధతిని వాడగా, మిగిలిన పదాల మొత్తం 1/10 కంటె తక్కువ. అట్లే 1/k² > 1/k − 1/(k+1) కనుక అది 1/11 కంటె ఎక్కువ. కావున శ్రేణి మొత్తం 1.6406, 1.6498 ల మధ్య ఉండును.

అయితే ఈ పద్ధతి హద్దులనే ఇచ్చును గాని ఖచ్చితమైన విలువను చూపదు. ఆ విలువ π²/6, అనగా సుమారు 1.64493 అని ఆయిలర్ 18వ శతాబ్దంలో వేరొక మార్గాన కనుగొనెను.