మార్చి 31 నాటికి నిండాయా?

కేంద్రీయ విద్యాలయాల అడ్మిషన్ల నోటిఫికేషన్ రాగానే కొన్ని ఇళ్లలో వేళ్ల మీద లెక్కలు మొదలవుతాయి. ఒకటో తరగతిలో చేరాలంటే ఆ ఏడాది మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలన్నది కేవీల నిబంధన. 2022-23కి ముందు అయిదేళ్లు చాలేవి. కొత్త జాతీయ విద్యా విధానం వచ్చాక ఆరు చేశారు. దాని మీద కొందరు తల్లిదండ్రులు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినా ఫలితం లేకపోయింది. నవంబరులోనో ఆగస్టులోనో పుట్టిన పిల్లలకు ఈ నిబంధనతో తలనొప్పి లేదు. మార్చి చివరి వారంలో, ఏప్రిల్ మొదటి రోజుల్లో పుట్టినవాళ్ల దగ్గరే వస్తుంది చిక్కంతా.

ఒక పాపను తీసుకుందాం. పుట్టింది 2020 మార్చి 29. తండ్రి 2026లో ఒకటో తరగతికి దరఖాస్తు పెట్టాలనుకున్నాడు. మార్చి మూడో వారంలో చూసుకుంటే పాపకింకా అయిదేళ్లే. "ఆరో పుట్టినరోజే కాలేదు, అప్పుడే ఎలా పెడతావు?" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. పెట్టవచ్చు. దరఖాస్తు పెట్టిన రోజు వయసుతో పని లేదు, బడి తెరిచే రోజు వయసుతోనూ పని లేదు. చూసేది కటాఫ్ తేదీ నాటి వయసు ఒక్కటే. మార్చి 31న ఈ పాపకు ఆరేళ్ల రెండు రోజులు. రెండు రోజులు దాటినా, రెండు నెలలు దాటినా అర్హత ఒకటే. నోటిఫికేషన్లు ఏప్రిల్ ఒకటి తర్వాతే వస్తాయన్న గ్యారంటీ లేదు కాబట్టి, పుట్టినరోజు అయ్యాక పెడదామని ఆగితే గడువు మీద పడుతుంది.

మరి పుట్టినరోజు మార్చి 31నే అయితే? అదీ సరిపోతుంది. ఆ రోజుకు ఆరు నిండినట్టే. చాలామందికి నమ్మబుద్ధి కానిది ఆ మర్నాటి సంగతి. ఏప్రిల్ 1న పుట్టిన పిల్లలను కూడా పరిగణించాలని కేవీల అడ్మిషన్ మార్గదర్శకాల్లోనే రాసి ఉంటుంది. కటాఫ్ మార్చి 31 అయినప్పుడు ఏప్రిల్ 1 పిల్లవాడు ఎలా లోపలికొచ్చాడు?

ఇదేదో దయతలచి ఇచ్చిన ఒక రోజు సడలింపు అనుకుంటారు. కాదు, లెక్కే అది. 2020 ఏప్రిల్ 1న పుట్టిన బాబుకు పుట్టిన రోజే జీవితంలో మొదటి రోజు. అక్కడి నుంచి ఏడాది లెక్కిస్తే చివరి రోజు 2021 మార్చి 31 అవుతుంది. రెండో ఏడాది మళ్లీ ఏప్రిల్ 1న మొదలవుతుంది. అలా ఆరో ఏడాది చివరి రోజు 2026 మార్చి 31. ఆ అర్ధరాత్రితో ఆరేళ్లు పూర్తి. మనం కేకు కోసేది ఏడో ఏడాది మొదటి రోజున. ప్రభుత్వోద్యోగులున్న ఇళ్లలో ఈ లెక్క కొత్తేమీ కాదు. జూలై 1న పుట్టిన ఉద్యోగి జూన్ 30నే రిటైర్ అయి, నెల జీతం పోయిందని ఏళ్ల తరబడి వాపోతుంటాడు కదా, అదీ ఇదీ ఒకటే. సుప్రీంకోర్టు కూడా 1986లో ప్రభుదయాళ్ సేస్మా కేసులో ఇదే మాట చెప్పింది. ఆయన పుట్టింది 1956 జనవరి 2. ఉద్యోగానికి 1984 జనవరి 1 నాటికి 28 ఏళ్లు రాకూడదు. పుట్టినరోజు మర్నాడే కాబట్టి తనకింకా రాలేదన్నాడాయన. పుట్టిన రోజును కూడా పూర్తి రోజుగా లెక్కించాలి, పుట్టినరోజుకు ముందు రోజే ఆ వయసు నిండుతుందని కోర్టు తేల్చింది. పాపం, ఆయన ఉద్యోగం పోగొట్టిన సూత్రమే ఏప్రిల్ 1 పిల్లలకు కేవీ తలుపు తెరుస్తోంది.

అయితే ఈ సూత్రాన్ని పట్టుకుని ప్రతి బడి గుమ్మం దగ్గరా వాదించబోతే కుదరదు. సైనిక్ స్కూళ్లను చూడండి. ఆరో తరగతికి మార్చి 31 నాటికి పది నుంచి పన్నెండేళ్ల మధ్య ఉండాలంటారు. 2025-26 ప్రవేశాలకు దాన్నే తేదీల్లో చెబుతూ, 2013 ఏప్రిల్ 1 నుంచి 2015 మార్చి 31 మధ్య పుట్టి ఉండాలన్నారు, ఆ రెండు రోజులూ కలిపి. అంటే 2015 ఏప్రిల్ 1న పుట్టిన బాబు కోరుకొండకో కలికిరికో ఆ ఏడాది పనికిరాడు. కేవీ అయితే మార్చి 31కే నిండినట్టు చూసేది. కటాఫ్ అదే, ఫలితం వేరు. నవోదయ వాళ్లూ ఆరో తరగతికి నాటికి, నిండాలి అన్న గొడవ లేకుండా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని రాసేస్తారు. నా మటుకు నాకు అన్ని బళ్లూ ఇలా రాస్తే సగం అనుమానాలు తీరతాయనిపిస్తుంది. కాబట్టి నోటిఫికేషన్‌లో పుట్టిన తేదీల హద్దులు ఇచ్చి ఉంటే వాటినే పట్టుకోవాలి. వయసు మాత్రమే ఇచ్చి ఉండి, పుట్టినరోజు కటాఫ్ మర్నాడే అయితే బడిని లిఖితపూర్వకంగా అడగాలి. ఫోన్లో చెప్పిన మాట దరఖాస్తు పరిశీలన రోజున అక్కరకు రాదు.

కటాఫ్‌కు కాస్త ముందు పుట్టినరోజున్న పిల్లల తల్లిదండ్రులు కింది హద్దు చూసుకుని నిశ్చింతగా ఉంటారు. పై హద్దు గుర్తుండదు. కొన్ని కేవీల్లో ఉన్న బాలవాటిక-1కు మూడేళ్లు నిండి, నాలుగేళ్లు నిండకుండా ఉండాలి. 2022 మార్చి 30న పుట్టిన బాబుకు 2026 మార్చి 31న నాలుగేళ్ల ఒక రోజు. చూడ్డానికి చంటివాడే, పక్కింట్లో ఏప్రిల్ 2న పుట్టిన పిల్లతో కలిసి ఆడుకునేవాడే. ఆ పిల్ల బాలవాటిక-1కు వెళుతుంది, వీడు బాలవాటిక-2కే అర్హుడు. ఒకటో మెట్టులో పెట్టిన దరఖాస్తు చెల్లదు. సైనిక్ స్కూల్లోనూ అంతే. 2013 మార్చి 30న పుట్టిన కుర్రాడు 2025-26లో రెండు రోజుల తేడాతో వయసు మీరినవాడు అయిపోయాడు. అక్కడ మరుసటి ఏడాది అనే మాటే లేదు.

కేవీ ఒకటో తరగతిలో మాత్రం హద్దు వెడల్పుగా ఉంది. ఆరు నిండి ఎనిమిది లోపు ఉంటే చాలు. పైన చెప్పిన మార్చి 29 పాపకు 2027 మార్చి 31 నాటికి ఏడేళ్ల రెండు రోజులు అవుతాయి, అప్పుడూ అర్హురాలే. ఈ ఏడాది లాటరీలో సీటు రాకపోతే మరో అవకాశం ఉందన్నమాట. వచ్చినా, క్లాసులో దాదాపు అందరికన్నా చిన్నది తనే అవుతుంది. తోటిపిల్లల్లో ఏడాది పెద్దవాళ్లు ఉంటారు. పెన్సిల్ పట్టు కుదిరిందా, అమ్మ కనబడకుండా అయిదారు గంటలు కూర్చోగలదా అన్నది తేదీల్లో తేలేది కాదు, పాపను చూసి తేల్చుకోవాలి.

ఇంత లెక్కా నిలబడేది జనన ధ్రువీకరణ పత్రం మీద. మన తాతల తరంలో హెడ్మాస్టరుగారు అడ్మిషన్ రిజిస్టరులో జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేసి పని కానిచ్చారు, ఇప్పుడది సాగదు. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకు బడిలో పుట్టిన తేదీ రుజువు ఆ పత్రమే. వాళ్లలో మొదటివాళ్లు 2027లో బాలవాటిక-1కు వస్తారు. మార్చి 31 రాత్రి కాన్పయిన కేసుల్లో ఆసుపత్రి కాగితంలో ఒక తేదీ, మున్సిపాలిటీ పత్రంలో ఇంకొక తేదీ పడే అవకాశం ఉంది. పత్రంలో నమోదు చేయించిన తేదీ వేరు, పుట్టిన తేదీ వేరు. ఫారం నింపే హడావుడిలో మొదటిది చూసి ఎక్కించేవాళ్లూ ఉన్నారు. తప్పు పత్రంలోనే ఉంటే ఆసుపత్రి రికార్డు పట్టుకుని జనన మరణాల రిజిస్ట్రార్ దగ్గర సవరించుకోవాలి. దానికి సమయం పడుతుంది కాబట్టి ఆ పని నోటిఫికేషన్ రాకముందే అయిపోవాలి.