చంకల్లో కొత్త వాసన: ఎదిగే పిల్లలకు చెప్పాల్సిన సంగతులు

చిన్నపిల్లల చెమటకు దాదాపు వాసన ఉండదు. ఐదేళ్ల పిల్లవాడు ఎండలో గంటసేపు ఆడి వచ్చినా ఒంటి మీద దుమ్ము వాసనే తప్ప పెద్దవాళ్ల చెమట వాసన రాదు. ఎనిమిదేళ్లు దాటి పన్నెండేళ్లు వచ్చేలోగా ఎప్పుడో ఒకప్పుడు ఇది మారుతుంది. ఆడపిల్లల్లో కాస్త ముందుగా, మగపిల్లల్లో కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. గొంతు మారకముందే, రజస్వల కాకముందే, ఒక్కోసారి చంకల్లో వెంట్రుకైనా మొలవకముందే ఈ వాసన వస్తుంది. అందుకే చాలామంది తల్లిదండ్రులు దీన్ని ఎదుగుదలగా గుర్తించక, సరిగా స్నానం చేయడం లేదనుకుని పిల్లల్ని కోప్పడతారు.

అసలు కారణం చర్మం కింద ఉంది. మనిషి ఒంట్లో చెమట గ్రంథులు రెండు రకాలు. మొదటి రకం ఒళ్లంతా ఉంటాయి, పుట్టినప్పటి నుంచీ పనిచేస్తాయి. వాటి నుంచి వచ్చేది ఉప్పు కలిసిన నీరు, దాని పని ఒంటిని చల్లబరచడం. రెండో రకం ముఖ్యంగా చంకల్లో, గజ్జల్లో ఉంటాయి. అవి బాల్యమంతా ఊరికే ఉండి, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కొత్త హార్మోన్లను వదలడం మొదలుపెట్టాక పనిలోకి దిగుతాయి. వాటి నుంచి వచ్చే చెమట కొంచెం చిక్కగా, కొవ్వు పదార్థాలతో, ప్రోటీన్లతో ఉంటుంది. బయటికి వచ్చిన క్షణంలో దానికీ పెద్దగా వాసన ఉండదు. చంక ముడతల్లో సహజంగా నివసించే బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు పుట్టే ఆమ్లాలు, గంధకం కలిసిన పదార్థాలే ఆ ఘాటైన వాసన. గాలి ఆడని తడి చోటు వాటికి అనుకూలం. పొద్దున వేసుకున్న చొక్కా సాయంత్రానికి వాసన రావడానికి కారణం అదే.

ఈ సంగతి తెలిస్తే పిల్లలతో ఏం మాట్లాడాలో సగం తెలిసినట్టే. వాసన మురికికి గుర్తు కాదు, పిల్లల తప్పు అంతకన్నా కాదు. పైగా ఆ వాసన వాళ్లకే తెలియకపోవచ్చు. ఎప్పుడూ వెంట ఉండే వాసనను ముక్కు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. నీకు తెలియడం లేదా అని నిలదీయడం వల్ల పిల్లలు నొచ్చుకోవడమే తప్ప లాభం లేదు.

విజయవాడలో ఆరో తరగతి చదివే పదకొండేళ్ల అబ్బాయి ఒకడున్నాడనుకుందాం. మధ్యాహ్నం ఆటల పీరియడ్, ఆ తర్వాత ఇరుకు ఆటోలో ఇంటికి ప్రయాణం. విప్పి పడేసిన యూనిఫాం తీస్తుంటే తల్లికి చంకల దగ్గర వాసన తెలిసింది. ఆ క్షణంలోనే, అక్కా నాయనమ్మా వింటుండగా, 'ఛీ, ఏం కంపురా ఇది' అంటే ఆ మాట పిల్లవాడి మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. బడికి బయలుదేరే హడావిడిలో చెప్పినా కష్టమే. అప్పుడు చేయగలిగేదేమీ ఉండదు, రోజంతా చేతులు దగ్గరికి ముడుచుకుని కూర్చుంటాడు. ఇద్దరే ఉన్నప్పుడు, ఉతికిన బట్టలు మడతపెడుతూనో, బండి మీద వెళుతూనో చెప్పడం మేలు. ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పేదానికన్నా పక్కపక్కన పని చేసుకుంటూ చెప్పే మాట ఈ వయసు పిల్లలకు తేలిగ్గా ఎక్కుతుంది.

'నాన్నా, పెద్దవుతున్నప్పుడు చంకల్లో చెమట మారుతుంది. నాకూ నీ వయసులోనే మొదలైంది, మీ నాన్నకూ అంతే. నీకిప్పుడు మొదలైంది.'

'అంటే నా దగ్గర వాసన వస్తోందా అమ్మా?'

'సాయంత్రం బడి నుంచి వచ్చాక కొంచెం వస్తోంది. దానికి ఏం చేయాలో చూపిస్తాను, రెండు నిమిషాల పని.'

ఈ సంభాషణలో ముఖ్యమైనది రెండో జవాబు. పిల్లవాడు సూటిగా అడిగినప్పుడు లేదని బుకాయిస్తే, రేపు బడిలో ఎవరైనా అన్నప్పుడు అమ్మ మాట మీద నమ్మకం పోతుంది. ఉన్నది చెప్పి, వెంటనే చేయాల్సిన పని చెప్పాలి. ఇప్పటికే ఎవరైనా ఎగతాళి చేశారేమో మెల్లగా అడగవచ్చు. చెప్పకపోతే గుచ్చి అడగకూడదు. తండ్రితోనో, పిన్నితోనో, బాబాయితోనో చనువు ఎక్కువుంటే వాళ్లు చెప్పినా సరే. ఆ తర్వాత రోజూ చంకలు వాసన చూసి పరీక్షించడం మాత్రం ఎవరూ చేయకూడదు. మరిచిపోయిన రోజు గుర్తు చేయడానికి ఇద్దరికే తెలిసిన చిన్న మాట ఒకటి ముందే అనుకుంటే, నలుగురిలో ఉన్నప్పుడూ ఇబ్బంది ఉండదు.

ఇక స్నానం. మన పిల్లల్లో చాలామంది రోజూ చేస్తూనే ఉంటారు. లోపం ఎక్కడంటే, నాలుగు చెంబులు నెత్తిన పోసుకుని వచ్చేస్తారు. ఒంటి మీది ఉప్పు చెమటకు నీళ్లు చాలు. చంకల్లోని జిడ్డు చెమట, దాని మీద బతికే బ్యాక్టీరియా మాత్రం ఉత్త నీళ్లకు పోవు. చేయి పైకెత్తి, సబ్బు నురగతో అరచేత్తో ఒక్కో చంకనూ అర నిమిషం రుద్ది, జారుడు పోయేదాకా కడగాలి. పీచు పెట్టి గట్టిగా తోమితే చర్మం గీసుకుపోయి, తర్వాత ఏది రాసినా మండుతుంది. గజ్జలు, పిరుదుల మధ్య, కాలివేళ్ల సందులు కూడా సబ్బుతో కడగాలి. మర్మాంగాలకు మాత్రం పైపైన నీళ్లు చాలు, లేదా ఘాటులేని సబ్బు కొద్దిగా. ఆడపిల్లలు లోపల కడగాల్సిన పని లేదు. మగపిల్లలు ముందోలును దానంతట అది వచ్చినంత వరకే వెనక్కి తీసి కడుక్కోవాలి, బలవంతంగా లాగకూడదు. సున్నిపిండి వాడే ఇళ్లలో అదే వాడవచ్చు, అది కూడా జిడ్డును లాగుతుంది. పిండి ముడతల్లో మిగిలిపోకుండా కడుక్కోవాలంతే. కడుక్కోవడం ఎంత ముఖ్యమో తుడుచుకోవడమూ అంతే ముఖ్యం. చంకలు పొడిగా అయ్యాకే బట్టలు వేసుకోవాలి. మొదటిసారి ఈ పద్ధతిని మాటలతో కాక చేసి చూపించాలి, పెద్దవాళ్లు తమ చేయి ఎత్తి చూపించినా చాలు.

స్నానం ఒక్కపూటే కుదిరితే ఏ పూట అన్న ప్రశ్న వస్తుంది. పొద్దున చేస్తే బడిలో హాయిగా ఉంటుంది. కోస్తా ఊళ్లలో వేసవి ఉక్కకు, ఆటలాడే పిల్లలకు సాయంత్రం మళ్లీ చంకలూ కాళ్లూ సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది. నీళ్లకు కటకట ఉన్న ఇంట్లోనూ ఒక చెంబుతో ఈ పని అయిపోతుంది.

ఒళ్లు శుభ్రంగా ఉన్నా వాసన పోవడం లేదంటే చాలాసార్లు కారణం చొక్కా. ఉతికి ఆరిన చొక్కా చంక భాగాన్ని వాసన చూస్తే తెలిసిపోతుంది. పాలిస్టర్ కలిసిన యూనిఫాం గుడ్డలు నూలు బట్టకన్నా ఈ వాసనను ఎక్కువగా పట్టి ఉంచుతాయి. అలాంటి చొక్కాను తిరగేసి, చంకల దగ్గర సబ్బు రాసి పావుగంట ఉంచి ఉతకాలి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. వానాకాలంలో సగం ఆరి ముక్కిన బట్ట ఒంటి వేడికి మళ్లీ వాసన కొడుతుంది. లోపల నూలు బనీను వేసుకుంటే చెమట పీల్చుకుంటుంది. బనీను, డ్రాయరు, సాక్సు ఏ రోజుకారోజు మార్చాలి. చెమట పట్టిన చొక్కా మీద కొత్తగా సెంటు కొట్టడం కన్నా ఉతికిన చొక్కా తొడగడం ఎప్పుడూ మంచిది.

ఇంత చేశాక కూడా మధ్యాహ్నానికి వాసన వస్తుంటే, లేదా పిల్లలే అడిగితే, అప్పుడు డియోడరెంట్ సంగతి చూడాలి. దానికి కచ్చితమైన వయసంటూ లేదు. వాసన ఉన్న పిల్లలకు వాడవచ్చు, లేనివాళ్లకు అవసరం లేదు. దుకాణంలో ఒకే అరలో రెండు వేర్వేరు వస్తువులు ఉంటాయి. డియోడరెంట్ చెమటను ఆపదు. బ్యాక్టీరియాను తగ్గించి, వాసనను కప్పుతుంది. యాంటీపెర్స్పిరెంట్‌లో ఉండే అల్యూమినియం లవణాలు చెమట రంధ్రాల్లో తాత్కాలికంగా అడ్డుపడి చెమటనే తగ్గిస్తాయి. మొదటిసారి వాడే పిల్లలకు సాధారణంగా మొదటిది చాలు. చొక్కా తడిసి ముద్దయ్యేంత చెమట పట్టే పిల్లలకు రెండోది పనికొస్తుంది. దాన్ని రాత్రి పడుకునేముందు పొడి చంకలకు రాస్తే బాగా పనిచేస్తుంది. అల్యూమినియం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న ప్రచారం చాలా ఉంది కానీ, దాన్ని నిరూపించే ఆధారం లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్న పిల్లలకు మాత్రం డాక్టర్‌ని అడిగే వాడాలి.

మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి డబ్బా స్ప్రేలు. మొదటి డియోడరెంట్‌గా అవి అంత మంచివి కావు. వాటిలో సువాసన పాలు ఎక్కువ, తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, ఆస్తమా ఉన్న పిల్లలకు దగ్గు ఎత్తుకుంటుంది. పైగా మంట దగ్గర ప్రమాదం. రోల్ ఆన్ లేదా కడ్డీ రూపంలోది, సువాసన లేనిది లేదా తక్కువున్నది ఎంచుకోవాలి. పిల్లవాడిని దుకాణానికి వెంట తీసుకెళ్లి రెండు మూడింటిలోంచి ఎంచుకోనిస్తే వాడే అవకాశం ఎక్కువ. సహజమైనది అని రాసి ఉన్నదల్లా సున్నితం కాదు. వంటసోడా కలిపినవి కొందరికి చంకలు ఎర్రబడేలా చేస్తాయి. నిమ్మచెక్క రుద్దడమూ అంతే. పటిక ముక్కను తడిపి రాసుకోవడం పాత పద్ధతే, కొంత పనిచేస్తుంది. అందులోనూ అల్యూమినియం ఉంటుందని గుర్తుంచుకోవాలి. టాల్కం పౌడరు తడిని కాసేపు పీలుస్తుంది, వాసనను ఆపదు.

కొన్నదాన్ని ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలి. దురద, ఎర్రదనం లేకపోతే చంకల్లో వాడవచ్చు. స్నానం చేసి తుడుచుకున్నాక ఒక్కో చంకకు రెండు మూడు సార్లు తిప్పి, ఆరాక చొక్కా వేసుకోవాలి. కడగని చెమట మీద రాస్తే రెండు వాసనలూ కలిసి ఇంకా ఇబ్బంది. రోల్ ఆన్ చర్మానికి తగులుతుంది కాబట్టి అన్నదమ్ములైనా ఎవరిది వారికే ఉండాలి. మంట పుడితే ఆపేసి, తగ్గాక సువాసన లేనిది ప్రయత్నించాలి.

ఆడపిల్లల్లో ఎనిమిదేళ్లలోపు, మగపిల్లల్లో తొమ్మిదేళ్లలోపు ఈ వాసన వస్తే పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించడం మంచిది. వెంట్రుకలు, మొటిమలు, ఒక్కసారిగా ఎత్తు పెరగడం, ఆడపిల్లల్లో రొమ్ములు పెరగడం తోడైతే ఆలస్యం చేయకూడదు. ఎంత కడిగినా చేపల వాసనలాంటిది వస్తున్నా, చంకల్లో గడ్డలు, చీము, మానని దద్దుర్లు కనిపించినా చూపించాలి. ఊపిరిలో పండిన పండు వాసన, దాంతోపాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, నీరసం ఉంటే అది మధుమేహం ముదిరిన లక్షణం కావచ్చు. అప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.