పొట్టను కాపాడిన మందు గుండెను ఏం చేసింది?

మెడికల్ కాలేజీల్లో పీజీ విద్యార్థులకు జర్నల్ క్లబ్ అనే కార్యక్రమం ఉంటుంది. ఒక విద్యార్థి ఒక పరిశోధన పత్రాన్ని ఎంచుకుని, తోటివాళ్ల ముందు, ప్రొఫెసర్ల ముందు దాన్ని విప్పి చూపాలి. 1875లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో విలియం ఓస్లర్ ఇలాంటి క్లబ్ ఒకటి నడిపాడు. ఇప్పుడు చాలాచోట్ల పేపర్ని మొదటి నుంచి చివరి దాకా వరుసగా చెప్పేసి, ఆఖర్న ‘లోపాలు: రోగుల సంఖ్య తక్కువ, వ్యవధి తక్కువ’ అని ఒక స్లైడు వేసి ముగించేస్తారు. ఆ రెండు మాటలు ఏ పేపర్‌కైనా అతుకుతాయి, అందుకే వాటితో ఏ పేపరూ అర్థం కాదు.

మంచి స్క్రిప్టు ఎలా ఉంటుందో చూడాలంటే ‘విగర్’ ట్రయల్‌ని మించిన పాఠం దొరకడం కష్టం. 2000 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఈ పేపర్, మెర్క్ కంపెనీ వారి రోఫెకాక్సిబ్ అనే నొప్పి మాత్ర గురించినది. వయాక్స్ పేరుతో అమ్ముడైన మందు ఇదే. మామూలు నొప్పి మాత్రలు కీళ్లకు హాయినిస్తూనే కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, ఒక్కోసారి రక్తస్రావం దాకా తీసుకెళ్తాయి. ఈ కొత్త మందు కడుపుకు హాని చేయదని చూపడానికే ట్రయల్ చేశారు.

పేపర్ మొదట్లో సారాంశం ఉంటుంది. అది రచయితలు తమకు కావాల్సిన వరుసలో చెప్పుకున్న కథ. అందుకే అనుభవం ఉన్నవాళ్లు స్క్రిప్టుని పద్ధతుల విభాగంతో మొదలుపెడతారు: ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని వద్దన్నారు, దేన్ని దేనితో పోల్చారు, ముందుగా దేన్ని కొలుస్తామని చెప్పారు. విగర్‌లో రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న 8,076 మందిని తీసుకుని, లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీశారు. 4,047 మందికి రోజుకు 50 మిల్లీగ్రాముల రోఫెకాక్సిబ్, 4,029 మందికి రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల నాప్రాక్సెన్ ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. సగటున తొమ్మిది నెలలు చూశారు. ఇక్కడిదాకా తప్పుపట్టడానికేమీ లేదు, గట్టి ట్రయల్ అనే చెప్పాలి.

ఫలితం కూడా గట్టిదే. కడుపులో ధ్రువపడిన సమస్యలు నాప్రాక్సెన్ వాడినవారిలో 121 మందికి వస్తే, రోఫెకాక్సిబ్ వాడినవారిలో 56 మందికి వచ్చాయి. సగానికి సగం తగ్గాయన్నమాట. చాలా జర్నల్ క్లబ్బుల్లో చప్పట్లు ఇక్కడే మోగి ఉంటాయి.

స్క్రిప్టు రాసే విద్యార్థి ఇక్కడ ఆగి, ‘ఎవరితో పోల్చారు?’ అని అడగాలి. ట్రయల్‌లో ఉత్తుత్తి మాత్ర తీసుకున్న గుంపు లేదు. కీళ్లవాతంతో బాధపడేవారికి నెలల తరబడి నొప్పి మందు ఇవ్వకుండా ఉంచడం న్యాయం కాదు కాబట్టి, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ దానికొక మూల్యం ఉంది. రెండు మందులే ఉన్నప్పుడు తేడా కనిపిస్తే, ఒకటి మేలు చేసిందా, రెండోది కీడు చేసిందా అన్నది ట్రయల్ చెప్పలేదు. పైగా నాప్రాక్సెన్‌ని ఒంటరిగా ఇచ్చారు. కడుపులో ఆమ్లాన్ని అణిచే ఒమెప్రజోల్ లాంటి మందులు వాడేవారిని ట్రయల్‌లో చేర్చుకోలేదు. అసలు ఆస్పత్రిలో డాక్టరు ఎదుట ఉండే ప్రశ్న ‘రోఫెకాక్సిబ్ ఇవ్వాలా, నాప్రాక్సెన్‌తో పాటు కడుపుకు రక్షణ మందు కూడా ఇవ్వాలా’ అన్నది కదా. దానికి ఈ పేపర్లో జవాబు లేదు.

రెండో ప్రశ్న, ఎవరిని వద్దన్నారు అన్నది. ఆస్పిరిన్ వాడేవారిని ట్రయల్‌లోకి రానివ్వలేదు. దీనికీ కారణం ఉంది: ఆస్పిరిన్ కూడా కడుపుకు పుండ్లు తెస్తుంది, అది కలిస్తే లెక్క చెడుతుంది. అయితే గుండెజబ్బు ఉన్న వృద్ధులు చాలామంది ఆస్పిరిన్ మీదే ఉంటారు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు మామూలు జనం కంటే ఎక్కువ. అంటే గుండెకు ఎక్కువ ముప్పున్న జబ్బువాళ్లను తీసుకుని, గుండెను కాపాడే మందు వాడుతున్నవారిని మాత్రం పక్కనపెట్టారు. కడుపు కోసం పెట్టిన నియమం గుండె లెక్కను ఎటు తిప్పుతుందో అడగడం విమర్శకుడి పని. జబ్బుల వరుసలో కడుపు ఒక్కటే ఉందన్నట్టు గీసిన ట్రయల్ ఇది.

ఇక పేపర్లో గుండె గురించిన వాక్యం దగ్గరికి రావాలి. గుండెపోటు నాప్రాక్సెన్ వాడినవారిలో 0.1 శాతం, రోఫెకాక్సిబ్ వాడినవారిలో 0.4 శాతం. పేపర్ దాన్ని రాసిన తీరు గమనించదగ్గది: నాప్రాక్సెన్ వాడినవారిలో గుండెపోటు తక్కువగా ఉంది, సాపేక్ష ముప్పు 0.2 అని. లెక్క తప్పు కాదు. కానీ మిగతా ఫలితాలన్నీ రోఫెకాక్సిబ్ వైపు నుంచి చెప్పుకుంటూ వచ్చి, ఈ ఒక్కదాన్నే నాప్రాక్సెన్ వైపు నుంచి చెప్పారు. తిప్పి చదివితే కొత్త మందు వాడినవారిలో గుండెపోట్లు నాలుగైదు రెట్లు ఎక్కువ. జర్నల్ క్లబ్ స్క్రిప్టులో ఈ పని తప్పనిసరి: ప్రతి నిష్పత్తినీ తలకిందులు చేసి రాసుకుని, మరోసారి బిగ్గరగా చదవాలి.

రచయితలు ఈ తేడాకు ఒక వివరణ ఇచ్చారు. నాప్రాక్సెన్ ఆస్పిరిన్‌లాగా రక్తం గడ్డకట్టకుండా చూసి, గుండెను కాపాడి ఉండవచ్చని. కాదనడానికి లేదనిపించే మాటే. అయితే ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. గుండెజబ్బు ఉన్నవారిలో ఏళ్ల తరబడి జరిగిన పరీక్షల్లో ఆస్పిరిన్ గుండెపోట్లను తగ్గించింది నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా. విగర్ తేడా అంతా నాప్రాక్సెన్ పుణ్యమే అయితే, అది గుండెపోట్లను మూడొంతులకు పైగా తగ్గించి ఉండాలి. ఆస్పిరిన్ కంటే ఎన్నో రెట్లు మేలైన గుండె మందు నాప్రాక్సెనే అయితే, గుండె డాక్టర్లు దాన్నే రాసేవారు కదా! సభలో ఎవరైనా ఆ వివరణను ఒప్పుకోబోతే, ‘సర్, అంత మేలు చూపిన వేరే ఆధారం ఏదైనా ఉందా?’ అని వినయంగా అడిగితే చాలు.

పేపర్ మరో మాట కూడా అంది. గుండె కోసం ఆస్పిరిన్ వాడవలసి ఉండి కూడా వాడని వారు ట్రయల్‌లో 4 శాతం మంది. మొత్తం గుండెపోట్లలో 38 శాతం వారికే వచ్చాయి. వాళ్లను తీసేస్తే, మిగిలినవారిలో రెండు మందుల మధ్య తేడా గణాంకాల ప్రకారం తేలలేదు. డాక్టర్లకు ఇది ఊరట కలిగించింది. గుండెజబ్బు ఉన్నవారికి మందు ఇవ్వకపోతే సరిపోతుందన్నమాట. కానీ మొత్తం గుండెపోట్లే ఇరవై ఒక్కటి. వాటిలో కొన్నింటిని పక్కకు తీసి, మిగిలిన గుప్పెడింటితో ‘తేడా లేదు’ అంటే, తేడా ఉండి కూడా కనబడనంత తక్కువ సంఖ్య అది. ‘తేలలేదు’ అన్నదాన్ని ‘లేదు’గా చదవడం జర్నల్ క్లబ్బుల్లో తరచూ జరిగే పొరపాటు.

ఆ సంఖ్యల్లోనే అసలు కథ ఉంది. పేపర్ లెక్కలో రోఫెకాక్సిబ్ గుంపులో 17 గుండెపోట్లు, నాప్రాక్సెన్ గుంపులో 4. నిజానికి రోఫెకాక్సిబ్ గుంపులో మరో మూడు గుండెపోట్లు వచ్చాయి, పేపర్లో మాత్రం చేరలేదు. ఎందుకంటే గుండె లెక్కను కడుపు లెక్క కంటే ముందే, సుమారు ఒక నెల ముందు తేదీతో ఆపేశారు. ఒకే ట్రయల్‌లో, ఒకే రోగుల్లో, మేలును లెక్కించడానికి ఒక గడువు, కీడును లెక్కించడానికి అంతకంటే ముందు గడువు. ఆ మూడు గుండెపోట్లూ ఆస్పిరిన్ అవసరం లేని, ముప్పు తక్కువన్న గుంపులోనివే. వాటిని కలిపితే ‘ముప్పు తక్కువవారికి ఫర్వాలేదు’ అన్న ఊరట నిలబడదు. 2005 డిసెంబరులో జర్నల్ సంపాదకులు ఈ విషయాన్ని ఎత్తిచూపుతూ ఆందోళన ప్రకటన వేశారు. పేపర్ ప్రచురణకు ముందే, కనీసం ఇద్దరు రచయితలకు ఆ మూడింటి సంగతి తెలుసునని అందులో రాశారు.

ఇక్కడ జర్నల్ క్లబ్ హద్దు కూడా తెలిసిపోతుంది. పేపర్లో లేనిది పేపర్ చదివి ఎవరూ పట్టుకోలేరు. 2000లో ఏ పీజీ విద్యార్థీ ఆ మూడింటిని కనిపెట్టలేకపోయేవాడు. కానీ 2001 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం సమావేశమైనప్పుడు, ట్రయల్ పూర్తి లెక్కలు ఆ సంస్థ పత్రాల్లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో ముఖర్జీ, నిస్సెన్, టోపోల్ అనే ముగ్గురు వైద్యులు ఈ తరహా మందుల గుండె ముప్పును విశ్లేషిస్తూ జామా పత్రికలో రాశారు. మంచి స్క్రిప్టుకి పేపర్ ఒక్కటే ఆధారం కాదు. ట్రయల్ ముందుగా నమోదు చేసిన వివరాలు, నియంత్రణ సంస్థ సమీక్షలు, తర్వాత వచ్చిన సంపాదక లేఖలు కూడా పక్కన పెట్టుకోవాలి.

స్క్రిప్టు చివర ఒక బల్ల గీసి మేలునీ కీడునీ ఒకే కొలతలో పెట్టడం మంచిది. పెద్ద సమస్యలకు, అంటే రక్తస్రావం, కడుపుకు చిల్లు, పేగుదారి అడ్డుపడటం లాంటివాటికి, నాప్రాక్సెన్ గుంపులో 37 మంది గురయ్యారు, రోఫెకాక్సిబ్ గుంపులో 16 మంది. ఆదా అయినవారు 21 మంది. ఇంకో పక్క, మూడు గుండెపోట్లూ కలుపుకుంటే 20 వర్సెస్ 4, అదనంగా 16 గుండెపోట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టగానే ‘సగానికి సగం తగ్గింది’ అన్న గొప్ప మాట ఆశ్చర్యంగా చిన్నదైపోతుంది. పేపర్లో ఇవి పక్కపక్కన ఎక్కడా కనబడవు.

మరి 50 మిల్లీగ్రాముల మోతాదు సంగతేమిటి? అది రుమటాయిడ్ కీళ్లవాతానికి రాసే మోతాదు కంటే రెట్టింపు. కడుపు భద్రత రెట్టింపు మోతాదులోనూ నిలుస్తుందని చూపడానికి అలా చేశారు. దానితో మామూలు మోతాదులో గుండె ముప్పు ఉంటుందో ఉండదో ఈ ట్రయల్ చెప్పలేకపోయింది. ఆ జవాబు వేరే ట్రయల్‌లో వచ్చింది. పెద్దపేగులో గడ్డలు మళ్లీ రాకుండా చూడటానికి 2,586 మందితో జరిగిన ‘అప్రూవ్’ ట్రయల్‌లో, ఉత్తుత్తి మాత్ర గుంపు ఉంది, మోతాదు 25 మిల్లీగ్రాములే. రక్తం గడ్డకట్టి వచ్చే గుండె, మెదడు సమస్యలు మందు వాడినవారిలో 46, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 26. 2004 సెప్టెంబరు 30న కంపెనీ మందును ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అదే ఏడాది డిసెంబరులో భారత ప్రభుత్వం కూడా రోఫెకాక్సిబ్‌ని నిషేధించింది.

అప్రూవ్ పేపర్లోనూ ఒక మెలిక ఉంది. ముప్పు 18 నెలలు వాడిన తర్వాతే మొదలవుతుందని 2005లో రచయితలు రాశారు. తీరా గణాంక పరీక్ష చేసిన తీరులో పొరపాటు ఉందని తేలి, 2006లో పత్రిక దిద్దుబాటు వేసి ఆ 18 నెలల మాటలను తొలగించింది.