అక్కా వచ్చింది, ఆవూ వచ్చింది. ఎందుకలా?

అన్న వచ్చాడు. అక్క వచ్చింది. ఆవు వచ్చింది. అక్కకీ ఆవుకీ ఒకే ‘వచ్చింది’ ఏమిటని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? రావలసిన అనుమానమే!

వంటింట్లో రెండే డబ్బాలున్నాయనుకోండి. ఉన్న సరుకంతా ఆ రెండింట్లోనే సర్దాలి కదా. ఒక్కరి గురించి చెప్పేటప్పుడు తెలుగు చేసే పనీ అదే. అది వేసుకునే ప్రశ్న ఒక్కటే: మగమనిషా, కాదా? అయితే క్రియ చివర ‘డు’, కాకపోతే ‘ది’. ఎద్దు మగదే, కానీ మనిషి కాదు. అందుకే ‘ఎద్దు వచ్చింది’ అంటాం. సూర్యుణ్ణి మాత్రం భాష మగమనిషిలాగే చూసి, ‘ఉదయించాడు’ అంటుంది. మొదటి రకం మాటల్ని వ్యాకరణంలో మహద్వాచకాలంటారు.

ఇప్పుడు అసలు వింత చూడండి. ఎక్కువమంది కాగానే ప్రశ్న మారిపోతుంది: మనుషులా, కాదా? అన్నలు వచ్చారు, అక్కలూ వచ్చారు. ఆవులు మాత్రం ‘వచ్చాయి’. ఏకవచనంలో ఆవు పక్కనున్న అక్క, బహువచనంలో అన్న పక్కకు చేరింది! లెక్కపెట్టేటప్పుడూ అంతే: ముగ్గురు అక్కలు, మూడు ఆవులు.

ఒక్కరి గురించే గౌరవంగా చెప్పాలంటే ఈ బహువచనాన్నే వాడుకుంటాం: టీచరుగారు వచ్చారు. అప్పుడు ఆడా మగా తేడా క్రియలో కనిపించదు.

అన్ని భాషలూ ఇలా సర్దవు. తమిళంలో అక్క వస్తే ‘వందాళ్’, ఆవు వస్తే ‘వందదు’. అక్కడ ఏకవచనంలోనే ఆడవాళ్లకు వేరే క్రియారూపం ఉంది.