అక్టోబరు 14 ఏ పద్దులో ఉంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. ఆ తేదీ ఏళ్ల ముందే ప్రకటించిందే. అయినా చాలా ఆఫీసుల్లో అది ఊహించని ఖర్చుగానే వచ్చిపడింది. ఎందుకంటే బడ్జెట్‌లో "కంప్యూటర్ల నిర్వహణ" అని ఒకే పద్దు ఉంటుంది. పద్దుకు మొత్తం ఉంటుంది గానీ తేదీ ఉండదు.

ఒక ఆసుపత్రినే తీసుకుందాం. 120 కంప్యూటర్లు, అందులో పాతవి 40. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా కొత్త తరానిది కావాలి. ఆ 40 అందుకు పనికిరావు. సాఫ్ట్‌వేర్ గడువు తీరితే డబ్బు హార్డ్‌వేర్‌కు కట్టాల్సి వచ్చిందన్నమాట.

మరో దారీ ఉంది. డబ్బు కడితే సంస్థలకు మూడేళ్ల వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మొదటి ఏడాది ఒక్కో యంత్రానికి 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు: 122, 244. మూడేళ్లకు 427 డాలర్లు. మొదటి ఏడాది చవకగా కనిపించే ఈ దారిలో చివరిదాకా వెళ్తే, ఒక మామూలు ఆఫీసు కంప్యూటర్ కొనగలిగేంత ఖర్చవుతుంది. యంత్రం మాత్రం పాతదే! లైసెన్సుల పద్దు, హార్డ్‌వేర్ మార్పిడి పద్దు పక్కపక్కన ఉంటేనే ఈ పోలిక కంటికి ఆనుతుంది.

మార్పిడి పద్దుకు లెక్క సులువు. యంత్రం అయిదేళ్లు పనిచేస్తుందనుకుంటే 120లో ఏటా 24 మార్చాలి. ఒక్కోటి 50 వేలనుకుంటే ఏడాదికి 12 లక్షలు. ఇలా విడగొట్టుకోకపోతే ఏదో ఒక ఏడాది 60 లక్షలు ఒక్కసారే మీద పడతాయి.

క్లౌడ్ తీరు వేరు. లైసెన్సులా ఏడాదికోసారి తెగే లెక్క కాదది. వాడకాన్ని బట్టి నెలనెలా బిల్లు వస్తుంది. ఎక్స్‌రే చిత్రాలు పేరుకునే కొద్దీ స్టోరేజీ అద్దె పెరుగుతూనే ఉంటుంది. అందుకే నిరుటి మొత్తం చూసి ఈ ఏడాదికి రాయడం కన్నా, గత ఆరు నెలల బిల్లులు వరుసగా పరచి పెరుగుదల చూడటం నయం.

ఇక సపోర్టు ఒప్పందాలు, వాడుకలో ఏఎంసీలు. సర్వర్ ఏఎంసీ మార్చి 31న ముగుస్తుందని రాసుకుంటే చాలదు. కొటేషన్లకు, మంజూరుకు, పర్చేజ్ ఆర్డరుకు రెండు మూడు నెలలు పోతాయి. కాబట్టి జనవరి 1 కూడా పట్టికలో ఉండాలి. గడువు దాటితే చాలా కంపెనీలు మధ్యలో ఖాళీగా పోయిన కాలానికి కూడా వసూలు చేస్తాయి. ఆ పక్కనే ఇంకో తేదీ వేయాలి: ఆ మోడల్‌కు తయారీదారు మద్దతు ఎప్పటిదాకా? ఏడాదిలో విడిభాగాలు ఆగిపోయే సర్వర్‌కు మూడేళ్ల ఏఎంసీ సంతకం పెట్టేవాళ్లు, చాలాసార్లు, ఆ గడి ఖాళీగా ఉన్న పట్టికను చూసే పెడతారు.