బంగారం ట్రేడింగ్‌లో పిప్ అంటే ఎంత?

‘గోల్డ్ బై, స్టాప్‌లాస్ 50 పిప్స్’. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఇలాంటి టిప్పులు తరచూ కనిపిస్తాయి. అసలు తిరకాసు ఆ ‘పిప్’ దగ్గరే ఉంది.

యూరో-డాలర్ ధరలో పిప్ అంటే నాలుగో దశాంశ స్థానమని అందరూ ఒప్పుకున్నారు. బంగారానికి అలాంటి ఒప్పందమేదీ లేదు. బ్రోకర్ తెరమీద XAUUSD ధర సాధారణంగా 3000.00 అన్నట్టు రెండు దశాంశాలతో ఉంటుంది. అందులో ఒక సెంటు మారితే పిప్ అని కొందరు, పది సెంట్లు మారితేనే పిప్ అని కొందరు లెక్కవేస్తారు.

లాట్ విషయంలో ఇంత గందరగోళం లేదు. ఒక స్టాండర్డ్ లాట్ అంటే సాధారణంగా 100 ట్రాయ్ ఔన్సులు. ట్రాయ్ ఔన్సు సుమారు 31.1 గ్రాములు కాబట్టి, లాట్ మూడు కిలోల పైమాటే. 0.01 లాట్ అంటే ఒక ఔన్సు. ధర ఒక డాలరు కదిలితే లాభమో నష్టమో 0.01 లాట్‌కు ఒక డాలరు, పూర్తి లాట్‌కు వంద డాలర్లు.

ఇప్పుడు ఆ టిప్పు సంగతి చూద్దాం. ఖాతాలో వెయ్యి డాలర్లున్నాయి, పోతే పది డాలర్లకు మించి పోకూడదనుకున్నాం. పిప్ అంటే సెంటు అనుకుంటే 50 పిప్స్ అర డాలరు. అర డాలరుకు పూర్తి లాట్ మీద 50 డాలర్లు పోతాయి కాబట్టి, పది డాలర్లకు 0.20 లాట్ పెడతాం. టిప్పు ఇచ్చినవాడి లెక్కలో పిప్ పది సెంట్లయితే, అతను చెప్పిన స్టాప్‌లాస్ ఐదు డాలర్ల దూరంలో ఉంది. 0.20 లాట్ అంటే 20 ఔన్సులు. స్టాప్ తగిలితే పోయేది పది కాదు, వంద డాలర్లు. పెట్టాల్సింది 0.02 లాట్ మాత్రమే.

అందుకే పిప్‌లను పక్కనపెట్టి డాలర్లలో లెక్కవేయడం మేలు. ఎంట్రీ ధరలోంచి స్టాప్ ధర తీసేసి, వచ్చినదాన్ని ఔన్సులతో గుణిస్తే చాలు. స్టాప్ ధర చెప్పకుండా పిప్‌లు మాత్రమే చెప్పే టిప్పును నమ్మకపోవడమే మంచిది.

వంద ఔన్సుల లెక్కనూ సరిచూసుకోవాలి, కొన్ని ఖాతాల్లో లాట్ చిన్నదిగా ఉంటుంది. మెటాట్రేడర్‌లో XAUUSD మీద రైట్‌క్లిక్ చేసి Specification తెరిస్తే, Contract size ఎదురుగా ఔన్సులెన్నో ఉంటుంది. పొజిషన్ రాత్రి దాటితే పడే స్వాప్ కూడా అక్కడే కనిపిస్తుంది.

మన దేశంలో ఉంటున్నవారు ఒక సంగతి గమనించాలి. విదేశీ బ్రోకర్లకు మార్జిన్ సొమ్ము పంపడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. చట్టబద్ధంగా చేయాలంటే ఎంసీఎక్స్ ఫ్యూచర్స్ ఉన్నాయి. అక్కడ గోల్డ్ మినీ కాంట్రాక్టు 100 గ్రాములు, ధర చెప్పేది 10 గ్రాములకు. ధర ఒక్క రూపాయి కదిలితే మీ ఖాతాలో పది రూపాయలు మారతాయి.